కాఫీ: మొదటి గంట, ఆరో గంట

నెల్లూరులో మా అక్కవాళ్ల వంటింట్లో ఒక ఇత్తడి ఫిల్టర్ ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క పై గిన్నెలో పొడి వేసి, చిల్లుల బిళ్లతో మెల్లగా అదిమి, మరిగిన నీళ్లు పోసి మూత పెడుతుంది. ఐదింటికల్లా కింది గిన్నెలోకి నల్లటి డికాక్షన్ దిగి ఉంటుంది. ఇంట్లో ఎవరికి కాఫీ కలిపినా అందులోంచే. బావగారు తన గ్లాసు ఖాళీ చేసి, రాత్రి పదింటికి పక్కమీద వాలిన ఐదు నిమిషాలకే గుర్రు పెడతారు. నాకు దడ లాంటిదేమీ ఉండదు. కానీ అక్కడ సాయంత్రం కాఫీ తాగిన రోజు ఒంటిగంటైనా కళ్లు మూతపడవు. అక్క మామూలుగా కాఫీ ముట్టుకోదు. ఎప్పుడైనా పెళ్లిలోనో పేరంటంలోనో పొద్దున్నే ఒక గ్లాసు తాగిందంటే అరగంటలో చేతులు సన్నగా వణుకుతాయి. గుండె గొంతులో కొట్టుకుంటున్నట్టుంది అంటుంది. అయినా ఆ రాత్రి ఆమె హాయిగానే నిద్రపోతుంది.

ఒకే డికాక్షన్‌కు మూడు ఒళ్లు మూడు రకాలుగా స్పందిస్తున్నాయి. "కాఫీ నాకు పడదు" అని మనం ఒక్క మాటలో తేల్చేస్తాం గానీ, అందులో నిజానికి రెండు వేర్వేరు సంగతులున్నాయి. కాఫీ తాగిన మొదటి గంటలో వచ్చే దడ, వణుకు, కంగారు ఒకటి. ఆరేడు గంటల తర్వాత పట్టని నిద్ర మరొకటి. మొదటిది మెదడు, గుండె కెఫీన్‌కు ఎంత గట్టిగా స్పందిస్తాయన్న దాన్నిబట్టి ఉంటుంది. రెండోది కాలేయం దాన్ని ఎంత త్వరగా వదిలించుకుంటుందన్న దాన్నిబట్టి ఉంటుంది. ఒకటి ఉన్నవాళ్లకు రెండోది ఉండాలని లేదు. అక్కకు ఉన్నది మొదటిది, నాకు ఉన్నది రెండోది. రెండూ లేవనుకున్న బావగారికి పోయినేడాది రెండూ ఒకేసారి వచ్చాయి. ఆయన కథే ఈ విషయాన్ని అన్నిటికంటే బాగా విప్పి చెబుతుంది. అది తర్వాత చెబుతాను.

గ్లాసులో ఎంత ఉంది?

"నేను తాగింది ఒక్క కప్పే" అనే మాటకు పెద్దగా అర్థం లేదు. ఒక కప్పుకూ ఇంకో కప్పుకూ కెఫీన్ రెట్టింపు తేడా ఉండొచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65. రోజు మొత్తం మీద 300 మిల్లీగ్రాములు దాటవద్దని ఆ సంస్థ సలహా.

మన ఇళ్లలో ఈ తేడా ఇంకా పెరగడానికి కారణం పొడి. ఇద్దరికి కాఫీ కలపడానికి 20 గ్రాముల పొడి వేశామనుకుందాం. ప్యాకెట్ మీద 70:30 అని ఉంటే అందులో కాఫీ 14 గ్రాములే, మిగతా 6 గ్రాములు చికోరీ. చికోరీ అనేది ఒక మొక్క వేరు. దాన్ని వేయించి పొడి చేస్తారు. డికాక్షన్‌కు నలుపునూ చిక్కదనాన్నీ ఇస్తుంది గానీ దానిలో కెఫీన్ లేదు. ఇక ఆ 14 గ్రాములు అరబికా గింజలదైతే కెఫీన్ సుమారు 1.2 శాతం, రోబస్టా గింజలదైతే దాదాపు 2.2 శాతం. మొత్తం కెఫీన్ డికాక్షన్‌లోకి దిగిందనుకుంటే మొదటి పొడితో ఒక్కొక్కరికి 85 మిల్లీగ్రాములు, రెండో పొడితో 150 దాటుతుంది. గ్లాసు అదే, రంగు అదే, పాలూ చక్కెరా అంతే. పైగా కెఫీన్ వేడి నీళ్లలో తేలిగ్గా కరుగుతుంది కాబట్టి చాలా భాగం మొదటి డికాక్షన్‌లోనే దిగిపోతుంది. అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసి తీసే రెండో డికాక్షన్‌లో మిగిలేది తక్కువ. ఇంట్లో ఇన్‌స్టంట్ కాఫీ తాగే మనిషి బంధువులింట్లో మొదటి డికాక్షన్ కాఫీ తాగి "ఇవాళ ఎందుకో దడగా ఉంది" అంటే, తేడా మనిషిలో కాదు, గ్లాసులో ఉన్నట్టు.

ఒంటి బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తాగిన కెఫీన్ దాదాపు మొత్తం రక్తంలో కలుస్తుంది, అక్కడి నుంచి ఒంట్లోని నీటి భాగమంతా పరుచుకుంటుంది. 45 కిలోల అక్క, 80 కిలోల బావగారు ఒకే కొలత కాఫీ తాగితే అక్క రక్తంలో కెఫీన్ చిక్కదనం ఎక్కువగా ఉంటుంది. పరగడుపున తాగితే అది ఇంకా త్వరగా పైకి లేస్తుంది. టిఫిన్ తిన్నాక తాగితే మెల్లగా ఎక్కుతుంది.

మొదటి గంట: దడ

మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో ఎడినోసిన్ అనే పదార్థం కొద్దికొద్దిగా పేరుకుంటూ ఉంటుంది. మెదడు కణాల మీద దానికోసం ప్రత్యేకంగా గ్రాహకాలుంటాయి. తాళంలో చెవి కూర్చున్నట్టు ఎడినోసిన్ వాటిలో కూర్చుంటే మెదడు వేగం తగ్గి మగత కమ్ముతుంది. కెఫీన్ ఆకారం ఎడినోసిన్‌ను పోలి ఉంటుంది. అందుకే అది వెళ్లి అదే తాళంలో దూరుతుంది గానీ తాళం తిప్పదు. అసలు చెవికి చోటు లేకుండా చేస్తుంది, అంతే. అంటే కాఫీ మనకు కొత్తగా శక్తినేమీ ఇవ్వదు. అలసట కబురు మెదడుకు చేరకుండా అడ్డుకుంటుంది. ఆ అడ్డు పడగానే అప్పటిదాకా అణిగి ఉన్న ఉత్తేజకాలు పైకి లేస్తాయి. అడ్రినలిన్ కూడా పెరుగుతుంది. పరీక్ష హాల్లోకి వెళ్లే ముందు గుండె కొట్టుకునేది, అరచేతులు చెమర్చేది ఆ అడ్రినలిన్ వల్లే. కాఫీ దడ, పరీక్ష దడ ఒకేలా అనిపించడానికి కారణం ఇదే.

ఇదంతా ఎక్కువమందిలో తాగిన 15 నిమిషాలకు మొదలై, గంట అటూ ఇటూగా తారస్థాయికి చేరుతుంది. ఈ దశలో కాలేయం పాత్ర తక్కువ. ఎంత చురుకైన కాలేయమైనా మొదటి అరగంటలో తీసేయగలిగింది కొంచెమే. అందుకని ఒకే ఒక గ్లాసుకు, అదీ అరగంటలో వణుకు వచ్చిందంటే కారణం చాలావరకు ఆ తాళాల దగ్గరే వెతకాలి.

ఆ తాళాలు అందరిలో ఒకేలా ఉండవు. వాటిలో ఒక రకాన్ని తయారుచేసే జన్యువు పేరు అడోరా2ఏ. దానిలో ఒక్క అక్షరం తేడా ఉన్న రూపాలున్నాయి. కాఫీ అంతగా అలవాటు లేని వాళ్లకు 150 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చి చూసిన ఒక అమెరికన్ అధ్యయనం 2003లో వెలువడింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ఆ జన్యువు ఒకే ప్రత్యేక రూపంలో వచ్చినవాళ్లలో కంగారు మిగతావాళ్లకంటే ఎక్కువగా పెరిగిందని అందులో తేలింది. అక్కలాంటి వాళ్లు "నాకు ఊరికే భయమేస్తున్నట్టుంది" అంటే అది మనసు బలహీనత కాదు. ఒంట్లో నిజంగా జరుగుతున్నదాన్నే వాళ్లు చెబుతున్నారు. మామూలు రోజుల్లోనే ఉన్నట్టుండి విపరీతమైన భయం ముంచెత్తే పానిక్ జబ్బు ఉన్నవాళ్లకు కాఫీ ఆ భయాన్ని రెచ్చగొట్టే అవకాశం మరీ ఎక్కువ.

అయితే పుట్టుకతో వచ్చిందే సర్వం కాదు, అలవాటుకూ పెద్ద వాటా ఉంది. బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో పీటర్ రోజర్స్ బృందం 2010లో ప్రచురించిన పరిశోధన దీన్ని స్పష్టంగా చూపించింది. కంగారు పడే జన్యువు రూపం ఉన్నా, రోజూ కాఫీ తాగేవాళ్లలో కెఫీన్ వల్ల కంగారు పెద్దగా పెరగలేదు. అదే జన్యువు ఉండి కాఫీ అలవాటు లేనివాళ్లలో పెరిగింది. రోజూ వచ్చే కెఫీన్‌కు ఒళ్లు సర్దుకుంటుంది. గుండె వేగం, రక్తపోటు, అడ్రినలిన్ విషయంలో ఈ సర్దుబాటు కొద్ది రోజుల్లోనే వస్తుంది. కాఫీ మానేస్తే అంతే త్వరగా పోతుంది కూడా. అక్క ఏడాదికి నాలుగైదుసార్లు మాత్రమే తాగుతుంది కాబట్టి ప్రతిసారీ ఆమె ఒళ్లు దాన్ని కొత్తగానే ఎదుర్కొంటుంది. బరువు తక్కువ, అలవాటు లేదు, పెళ్లింట పరగడుపున తాగిన చిక్కటి కాఫీ. ఈ మూడూ కలిసిన చోట జన్యువు ఏదైనా సరే దడ రావడంలో వింత లేదు.

ఆరో గంట: నిద్ర

ఇక రెండో సంగతి. కెఫీన్‌ను విడగొట్టే పని కాలేయానిది. అందులో తొంభై శాతానికి పైగా ఒకే ఎంజైమ్ మీద ఆధారపడి ఉంది. దాని పేరు సీవైపీ1ఏ2. ఒంట్లో ఉన్న కెఫీన్ సగానికి తగ్గడానికి పట్టే సమయాన్ని అర్ధాయువు అంటారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో అది సగటున ఐదు గంటలు. కానీ ఆ సగటు వెనక చాలా తేడా ఉంది. కొందరిలో రెండు గంటలకే సగమైపోతుంది, మరికొందరిలో తొమ్మిది గంటలు పడుతుంది.

ఈ తేడా రాత్రికి ఏం చేస్తుందో లెక్క వేసి చూద్దాం. సాయంత్రం ఐదింటికి 100 మిల్లీగ్రాముల కాఫీ ముగ్గురు తాగారు. రాత్రి పదకొండింటికి, అంటే ఆరు గంటల తర్వాత, అర్ధాయువు మూడు గంటలున్న మనిషిలో 25 మిల్లీగ్రాములు మిగులుతాయి. ఐదు గంటలున్న మనిషిలో 43 దాకా ఉంటాయి. తొమ్మిది గంటలున్న మనిషిలో ఇంకా 63 ఉంటాయి. ఈ మూడో మనిషి సాయంత్రం కాఫీ తాగి, పడుకోబోయే ముందు ఒక కప్పు ఇన్‌స్టంట్ కాఫీ తాగినంత కెఫీన్‌తో పక్క ఎక్కుతున్నాడన్నమాట. దడ ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది కాబట్టి నిద్ర పట్టకపోవడానికి కారణం ఆ ఐదింటి గ్లాసేనని తోచదు. నేను చాలా ఏళ్లు ఆఫీసు ఆలోచనల వల్ల అనుకున్నాను.

ఈ ఎంజైమ్ చురుకు కొంత జన్యువులతో వస్తుంది, మిగతాది మన బతుకు తీరును బట్టి మారుతూ ఉంటుంది. గర్భిణుల్లో, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, ఇది బాగా మందగించి కెఫీన్ మామూలు కంటే రెండు మూడు రెట్లు ఎక్కువసేపు నిలుస్తుంది. పుట్టిన పసికందులో ఈ ఎంజైమ్ దాదాపు ఉండదు కాబట్టి కెఫీన్ రోజుల తరబడి ఉండిపోతుంది. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో అర్ధాయువు ఇంచుమించు రెట్టింపవుతుంది. మనదగ్గర తరచుగా రాసే సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఈ ఎంజైమ్‌ను అణుస్తుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కో విరేచనాలకో ఆ మాత్రలు వాడుతున్న రోజుల్లో, ఎప్పుడూ తాగే కాఫీకే గుండె దడదడలాడుతుంటే నీరసం వల్లే అనుకోనక్కర్లేదు. మాత్రల కోర్సు అయ్యేదాకా కాఫీ తగ్గించి చూడాలి. ఫ్లువోక్సమిన్ అనే మానసిక వైద్యపు మందు ఇంకా గట్టిగా అణుస్తుంది. అది వాడేవాళ్లలో ఒక కప్పు కెఫీన్ మరుసటి రోజుకూ మిగులుతుంది. ఏ మందైనా కాఫీ కోసం సొంతంగా ఆపేయకూడదు. ఆపాల్సి వస్తే కాఫీనే ఆపాలి.

సిగరెట్ మానేసిన బావగారు

ఈ ఎంజైమ్‌ను అణిచేవి ఉన్నట్టే రెచ్చగొట్టేవీ ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది పొగ. సిగరెట్ పొగలోని తారు పదార్థాలు కాలేయాన్ని సీవైపీ1ఏ2 ఎక్కువగా తయారుచేసేలా పురిగొల్పుతాయి. పొగతాగేవాళ్లలో కెఫీన్ దాదాపు రెండింతల వేగంతో విడిపోతుంది. బావగారు పాతికేళ్లుగా రోజుకు పది పన్నెండు సిగరెట్లు కాల్చారు. ఆయన ఐదింటికి కాఫీ తాగి పదింటికి గుర్రు పెట్టగలగడం వెనక ఉన్నది చాలావరకు ఆ పొగే.

పోయినేడాది ఆయన సిగరెట్ మానేశారు. పదో రోజున అక్క ఫోన్ చేసింది.

"రాత్రి రెండింటి దాకా వరండాలో పచార్లు చేస్తున్నార్రా. సాయంత్రమైతే గుండె కొట్టుకుంటోందని చెయ్యి పెట్టి చూడమంటారు. మళ్లీ సిగరెట్ ముట్టిస్తారేమోనని భయంగా ఉంది."

"బావగారు కాఫీ ఏమైనా తగ్గించారా అక్కా?" అని అడిగాను.

"ఎందుకు తగ్గిస్తారు? అదొక్కటే కదా ఆయనకు మిగిలింది!"

సిగరెట్ మానితే మొదటి వారాల్లో చిరాకు, కంగారు, నిద్రలేమి వస్తాయి. అందరూ దాన్నంతా నికోటిన్ ఖాతాలోనే వేస్తారు. కానీ దానితోపాటు ఇంకొకటి జరుగుతుంది. పొగ ఆగిన వారం లోపలే ఎంజైమ్ తన అసలు స్థాయికి దిగిపోతుంది. తాగే కాఫీ మారదు, రక్తంలో కెఫీన్ మాత్రం రెట్టింపు దాకా పెరుగుతుంది. పురిగొల్పేది నికోటిన్ కాదు, పొగ కాబట్టి నికోటిన్ చూయింగ్ గమ్‌ నమిలినా, ప్యాచ్ అంటించుకున్నా ఇది ఆగదు.

బావగారి రోజును కాగితం మీద వేసి చూశాను. పొద్దున ఆరింటికి, పదకొండింటికి, సాయంత్రం ఐదింటికి మూడు గ్లాసులు. ఒక్కోదానిలో 100 మిల్లీగ్రాములు అనుకున్నాను. పొగతాగే రోజుల్లో అర్ధాయువు మూడు గంటలు, మానేశాక ఆరు గంటలు అనుకుందాం. ముందు లెక్కలో, ఐదింటి గ్లాసు ఎత్తేసరికి పొద్దున్నవాటిలో మిగిలింది సుమారు 33. కొత్తగా పడే 100తో కలిపి 133. తర్వాతి లెక్కలో అదే సమయానికి మిగిలినది 80 దాకా ఉంటుంది, కొత్తదాంతో కలిపి 180. సాయంత్రం దడకు కారణం ఈ తేడా. రాత్రి పదకొండింటికి ముందు లెక్కలో 33 మిల్లీగ్రాములు మిగిలితే, తర్వాతి లెక్కలో 90 దగ్గర మిగులుతాయి. అంటే ఆయన రోజూ తనకు తెలియకుండానే నాలుగో గ్లాసు తాగి పడుకుంటున్నట్టు. ఒక్క గ్లాసుకు వచ్చే దడలో కాలేయానికి పాత్ర తక్కువే అయినా, మూడో గ్లాసుకు వచ్చే దడలో ఉంటుందని ఈ లెక్క చెబుతుంది. పాత గ్లాసులు పూర్తిగా కరగకముందే కొత్తది వాటిమీద పడుతుంది.

అందుకే సిగరెట్ మానాలనుకునే కాఫీ ప్రియులు అదే వారంలో కాఫీని సగానికి తగ్గించుకోవడం మంచిది. తగ్గించినా రక్తంలో కెఫీన్ పాత స్థాయిలోనే ఉంటుంది కాబట్టి లోటు తెలియదు. దడనూ నిద్రలేమినీ సిగరెట్ మానడానికి చెల్లిస్తున్న మూల్యం అనుకుని మళ్లీ పొగ ముట్టించే ప్రమాదం తప్పుతుంది.

హాయిగా పట్టిందనుకునే నిద్ర

"కాఫీ తాగినా నాకు నిద్రకేం ఢోకా లేదు" అనేవాళ్లలో కొందరి మాట నిజమే. వాళ్లది చురుకైన కాలేయం, కెఫీన్‌ను అంతగా పట్టించుకోని తాళాలు, పాతబడిన అలవాటు. అయితే ఆ మాటను పూర్తిగా నమ్మకూడదని చెప్పే పరిశోధనలున్నాయి. అమెరికాలోని డెట్రాయిట్‌లో క్రిస్టఫర్ డ్రేక్ బృందం 2013లో 12 మంది ఆరోగ్యవంతుల మీద ఒక పరీక్ష చేసింది. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చి, ఇంట్లో నిద్రను కొలిచే పరికరం పెట్టారు. నిద్ర గంటకు పైగా తగ్గిందని పరికరం చూపింది. అది నాలుగు గ్లాసులంత మోతాదు, చూసింది కొద్దిమందినే. కాబట్టి దాన్ని ఒక గ్లాసుకు అలాగే అన్వయించలేం. కానీ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. కెఫీన్ గాఢనిద్రను కూడా పలచన చేస్తుంది. పక్కమీద వాలగానే కళ్లు మూతపడటం ఒకటి, ఆ తర్వాత పట్టిన నిద్ర లోతు మరొకటి. పడుకున్న మనిషికి మొదటిదే తెలుస్తుంది.

ఒక గ్లాసు స్థాయిలో ఏం జరుగుతుందో చూపినది శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గ్రెగరీ మార్కస్ బృందం చేసిన పరీక్ష. దాని ఫలితాలు 2023లో వచ్చాయి. వందమందిని ఎంచుకుని, ఛాతీ మీద గుండెను రికార్డు చేసే పట్టీ, చేతికి నిద్రనూ నడకనూ కొలిచే పరికరం పెట్టారు. రెండు వారాల పాటు ఏ రోజు కాఫీ తాగాలో, ఏ రోజు కెఫీన్ ముట్టకూడదో లాటరీ పద్ధతిలో ముందే నిర్ణయించి ఫోన్‌కు సందేశం పంపారు. కాఫీ తాగిన రోజుల్లో వాళ్లు సగటున వెయ్యి అడుగులు ఎక్కువ నడిచారు, 36 నిమిషాలు తక్కువ నిద్రపోయారు. కెఫీన్ నెమ్మదిగా విడిపోయే జన్యువులున్నవాళ్లు ఇంకా ఎక్కువ నిద్ర పోగొట్టుకున్నారు.

గుండె గురించి కూడా ఆ పరీక్ష ఒక స్పష్టమైన మాట చెప్పింది. గుండె పై గదుల్లో పుట్టే అదనపు దెబ్బలు కాఫీ రోజుల్లో చెప్పుకోదగ్గంత పెరగలేదు. కింది గదుల్లో పుట్టేవి మాత్రం రోజుకు 102 నుంచి 154కు పెరిగాయి. రోజు మొత్తం మీద గుండె లక్షసార్లు కొట్టుకుంటుంది కాబట్టి ఆ సంఖ్యలు చిన్నవే. చాలామంది వాటిని గమనించరు కూడా. గమనించినవాళ్లకు అది ఇలా ఉంటుంది: ఒక దెబ్బ ముందుగా పడుతుంది, ఆ తర్వాత కాస్త ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో గుండె ఎక్కువ రక్తంతో నిండి తర్వాతి దెబ్బ గట్టిగా కొడుతుంది. "గుండె ఒక్కసారి జారి మళ్లీ కొట్టినట్టుంది" అని మనవాళ్లు అనేది సరిగ్గా దీన్నే. ఆరోగ్యమైన గుండెలో అప్పుడప్పుడూ ఇలా జరిగితే ప్రమాదం కాదు.

అయితే ప్రతి దడనూ కాఫీ ఖాతాలో వేసెయ్యకూడదు. కాఫీ తాగని రోజు కూడా దడ వస్తుంటే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి. మన స్త్రీలలో రక్తహీనత ఎంతో ఎక్కువ. రక్తం తక్కువైన ఒంట్లో గుండె ఎలాగూ వేగంగా కొట్టుకుంటూ ఉంటుంది, కాఫీ దాన్ని బయటపెడుతుంది, అంతే. దడతో పాటు కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నా, కూర్చున్న చోట ఉన్నట్టుండి నాడి విపరీతమైన వేగం అందుకుని ఆగకుండా కొట్టుకుంటున్నా, నాడి ఏ లయా లేకుండా చెదిరిపోయినట్టు ఉన్నా కాఫీ గురించి ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోవాలి.

మీది ఏ గంట?

దీన్ని తెలుసుకోవడానికి జన్యు పరీక్షలు అక్కర్లేదు. గడియారం, నోటుపుస్తకం చాలు. దడ, వణుకు తాగిన గంట లోపల వచ్చి, రెండు మూడు గంటల్లో తగ్గిపోతుంటే సమస్య మోతాదుది, తాళాలది. కాఫీ తాగే ముందు ఐదు నిమిషాలు ఊరకే కూర్చుని, మణికట్టు దగ్గర నిండా ఒక నిమిషం నాడి లెక్కపెట్టి రాసుకోండి. 45 నిమిషాల తర్వాత మళ్లీ అలాగే లెక్కపెట్టండి. నాలుగైదు రోజులు చూశాక ఏదైనా తిని సగం గ్లాసు తాగి, లేదా చికోరీ ఎక్కువున్న పొడితో తాగి తేడా గమనించండి.

మీ ఫిర్యాదు నిద్ర గురించైతే చూడాల్సింది సాయంత్రం గ్లాసును. మార్కస్ బృందం చేసినట్టే ఇంట్లోనూ చేయొచ్చు. రెండు వారాలు రోజూ మధ్యాహ్నం ఒక రూపాయి బిళ్ల ఎగరేయండి. బొమ్మ పడితే సాయంత్రం కాఫీ తాగండి, బొరుసు పడితే మానండి. మరునాడు పొద్దున, ఎన్నింటికి నిద్ర పట్టింది, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది అన్నవి రాసుకోండి. తాగాలా వద్దా అని మనమే నిర్ణయించుకుంటే పనెక్కువ ఉన్న రోజునే తాగుతాం, ఆ రాత్రి నిద్ర పట్టనిది పని వల్లో కాఫీ వల్లో తేలదు. బిళ్లకు ఆ పక్షపాతం ఉండదు. పొద్దున్న కాఫీని మాత్రం ఈ పరీక్షలోకి లాగవద్దు. రోజూ రెండు మూడు గ్లాసులు తాగేవాళ్లు ఒక్కసారిగా మొత్తం మానితే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, నీరసం మొదలై కొన్ని రోజులు పట్టిపీడిస్తాయి. లెక్క చెడిపోతుంది. తగ్గించాలనుకుంటే రెండు మూడు రోజులకొకసారి డికాక్షన్‌ను పావు వంతు చొప్పున తగ్గిస్తూ రావాలి.

బావగారు బిళ్ల ఎగరేశారు. పద్నాలుగు రోజుల్లో ఎనిమిదిసార్లు బొమ్మ పడింది. ఆ ఎనిమిది రాత్రుల్లో ఆరు రాత్రులు పన్నెండు దాటాకే నిద్ర పట్టిందని క్యాలెండర్ గళ్లలో రాసుకున్నారు. బొరుసు పడిన ఆరు రాత్రుల్లో అలా జరిగింది ఒక్కసారే. ఇప్పుడు ఆయనకు రెండు గ్లాసులే. ఆఖరిది మధ్యాహ్నం పన్నెండు లోపల. సిగరెట్ మళ్లీ ముట్టలేదు. అక్క ఫిల్టర్‌లో నీళ్లు పోసే వేళ కూడా భోజనాల తర్వాత నుంచి పొద్దున తొమ్మిదింటికి జరిగింది. మొన్న నేను వెళ్లినప్పుడు పదకొండింటికి ముగ్గురం కూర్చున్నాం. బావగారిదీ నాదీ నిండు గ్లాసులు. అక్క ఇడ్లీ తిన్నాక, తన గ్లాసులో అంగుళం డికాక్షన్ పోసుకుని మిగతాదంతా పాలతో నింపుకుంది. గంట తర్వాత చెయ్యి చాపి చూసుకుంది. వేళ్లు కదలకుండా ఉన్నాయి.